ఒకే స్ట్రైక్, రెండు మంగళవారాలు

స్థలాల బేరాలు దగ్గరగా చూసినవాళ్లకు బయానా సంగతి కొత్త కాదు. ఎకరం ఫలానా ధరకని మాట అనుకుంటారు. కొనేవాడు కొంత బయానా ఇచ్చి, నాలుగు నెలల గడువుతో అగ్రిమెంట్ రాయించుకుంటాడు. ఆ నాలుగు నెలల్లో భూమి ధర పెరిగితే పాత ధరకే రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు. పెరగకపోతే బయానా వదిలేసుకుని తప్పుకుంటాడు. అతను కొన్నది భూమి కాదు, గడువు.

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కుదాం. నాలుగు నెలల అగ్రిమెంట్ చేతిలో ఉన్న మనిషి, అదే ఎకరానికి, అదే ధరకు, నెల రోజుల గడువుతో మరొకరికి అగ్రిమెంట్ రాసిచ్చి బయానా తీసుకున్నాడనుకోండి. నెల తిరిగేసరికి భూమి ధర ఉన్నచోటే ఉంటే ఆ రెండోవాడు బయానా వదులుకుని వెళ్లిపోతాడు. మనవాడి జేబులో అతని డబ్బు మిగిలింది, చేతిలో ఇంకా మూడు నెలల హక్కూ మిగిలింది. షేర్ మార్కెట్‌లో క్యాలెండర్ స్ప్రెడ్ అని పిలిచేది దీన్నే. దగ్గరి గడువు ఆప్షన్‌ను అమ్మడం, అదే స్ట్రైక్‌లో దూరపు గడువు ఆప్షన్‌ను కొనడం. బయానాకూ ప్రీమియానికీ ఒక తేడా ఉంది. బయానా చివరికి భూమి ధరలో కలిసిపోతుంది. ఆప్షన్‌కు కట్టిన ప్రీమియం కలవదు, అది గడువు కోసం కట్టిన ఖరీదే.

ఈ వ్యూహం గురించి చెప్పేవాళ్లు ఎక్కువమంది ఒకే మాట చెబుతారు. దగ్గరిది వేగంగా కరుగుతుంది, దూరపుది నెమ్మదిగా కరుగుతుంది, ఆ తేడా మన లాభం అని. మాట నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం తెలియకుండా ఇందులోకి దిగినవాళ్లను చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో ఇది ఎక్కువగా సాగేది నిఫ్టీ ఆప్షన్లలో. ఎన్‌ఎస్‌ఈలో నిఫ్టీ ఆప్షన్లు 2001లో మొదలయ్యాయి. వారానికొక ఎక్స్‌పైరీ 2019లో వచ్చింది. అంతకుముందు ఈ నెలది అమ్మి వచ్చే నెలది కొనాల్సి వచ్చేది. వారపు ఎక్స్‌పైరీలు వచ్చాక, ఈ వారానిది అమ్మి నెలాఖరుది కొనడం తేలికైంది. 2025 సెప్టెంబర్ నుంచి నిఫ్టీ గడువు మంగళవారం తీరుతోంది. కాబట్టి మన కథలో రెండు మంగళవారాలు ఉంటాయి.

ఒక లెక్క వేసుకుందాం. ఇది నేను కల్పించిన ఉదాహరణ, అంకెలు మాత్రం ఆప్షన్ ధరల సూత్రం ప్రకారం వేసినవి. నిఫ్టీ సరిగ్గా 25,000 దగ్గర ఉంది. వచ్చే మంగళవారానికి 7 రోజులు, నెలవారీ ఎక్స్‌పైరీ మంగళవారానికి 28 రోజులు. ఏడాదికి నిఫ్టీ 12 శాతం మేర ఊగుతుందని మార్కెట్ అంచనా వేస్తోంది. ఈ అంచనానే ఇంప్లైడ్ వోలటాలిటీ అంటారు, ట్రేడర్లు ఐవీ అని క్లుప్తంగా అంటారు. వడ్డీ ప్రభావాన్ని ప్రస్తుతానికి పక్కన పెడితే, 25,000 స్ట్రైక్ కాల్ వచ్చే మంగళవారానికైతే 166 పాయింట్లు పలుకుతుంది, నెలాఖరుకైతే 332 పాయింట్లు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. గడువు నాలుగింతలు, ధర రెండింతలే. ఎందుకంటే స్ట్రైక్ దగ్గరున్న ఆప్షన్ ధర గడువుతో సమానంగా పెరగదు, గడువుకు వర్గమూలంతో పెరుగుతుంది. నాలుగుకు వర్గమూలం రెండు. దీన్ని బట్టి రెండు ఆప్షన్లూ కరిగే తీరు ఒకేలా ఉండదని ముందే తెలిసిపోతుంది. మొదటి రోజున దగ్గరిది 12 పాయింట్లు కోల్పోతే, దూరపుది 6 పాయింట్లే కోల్పోతుంది. కరిగే వేగంలోనే రెండింతల తేడా. ఈ రోజువారీ కరుగుదలనే థీటా అంటారు.

ఆ 12 కూడా 12గా నిలవదు. నిఫ్టీ 25,000 దగ్గరే కదలకుండా కూర్చుంటే, దగ్గరి ఆప్షన్ రోజూ కోల్పోయే పాయింట్లు ఇలా నడుస్తాయి: 12, 13, 15, 17, 20, 26, చివరి రోజున ఏకంగా 63. మొదటి ఆరు రోజులూ మెల్లగా దిగే మెట్లు, ఏడో రోజు గోడ దూకినట్టే. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మనం 332 పెట్టి దూరపుది కొన్నాం, 166కు దగ్గరిది అమ్మాం. చేతి నుంచి పోయింది 166 పాయింట్లు. లాట్‌కు 65 యూనిట్లు అనుకుంటే 10,790 రూపాయలు. ఏడు రోజుల తరవాత నిఫ్టీ సరిగ్గా 25,000 దగ్గరే ముగిసిందనుకుందాం. అమ్మినది సున్నా అయింది. కొన్నదానికి ఇంకా 21 రోజులు ఉన్నాయి, దాని ధర 287. అంటే 166 పెట్టినచోట 287 చేతిలో ఉంది. లాభం 121 పాయింట్లు, సుమారు 7,865 రూపాయలు. ఎవరైనా ఈ వ్యూహం బొమ్మ గీసి చూపిస్తే, మధ్యలో గుడిసె కప్పులా పైకి లేచిన కొన కనిపిస్తుందే, అది ఇదే.

కొన మీద కూర్చోవడం మన చేతిలో లేదు. నిఫ్టీ వారం తిరిగేసరికి 25,250 దగ్గర ఉంటే ఏమవుతుంది? అమ్మిన కాల్‌కు 250 పాయింట్లు చెల్లించాలి. కొన్న కాల్ 430 పలుకుతుంది. మిగిలేది 180, లాభం 14 పాయింట్లకు పడిపోయింది. 25,500కు వెళ్తే మిగిలేది 106 మాత్రమే, అంటే 60 పాయింట్ల నష్టం. కింద 24,500కు జారినా నష్టం దాదాపు అంతే. లెక్క మొత్తం వేస్తే, 24,720కీ 25,290కీ మధ్య నిఫ్టీ ముగిస్తేనే మనకు లాభం. స్ట్రైక్‌కు అటూ ఇటూ సుమారు 285 పాయింట్లు.

ఆ 285ని దేనితో పోల్చాలి? ఏడాదికి 12 శాతం అంటే వారానికి నిఫ్టీ మామూలుగా ఊగే దూరం దాదాపు 415 పాయింట్లు అని మార్కెట్ అనుకుంటోంది. మన లాభపు గడప 285 దగ్గరే ఉంది. అంటే మార్కెట్ సొంత అంచనా ప్రకారమే మనం గెలిచే అవకాశం సగానికి సగం. గెలిస్తే గరిష్ఠంగా వచ్చేది 121, బాగా ఓడితే పోయేది 166 దాకా. అన్ని అవకాశాలనూ తూచి కలిపితే, ఖర్చులకు ముందు ఈ బేరం సున్నాకు సున్నా.

ఇదే ఆ రెండో సగం నిజం. కరిగే వేగంలో తేడా మనకు ఊరికే ఇచ్చిన డబ్బు కాదు. దగ్గరి ఆప్షన్ వేగంగా కరుగుతుంది, అదే సమయంలో నిఫ్టీ కదిలితే అమ్మినవాణ్ని వేగంగా గాయపరుస్తుంది కూడా. ఆ గాయానికి ముందే కట్టిన పరిహారమే థీటా. కాబట్టి క్యాలెండర్ వేసేవాడు నిజానికి రెండు మాటల మీద పందెం కాస్తున్నాడు. ఈ వారం నిఫ్టీ మార్కెట్ అనుకున్నదానికంటే తక్కువ కదులుతుంది అన్నది మొదటిది. దూరపు ఆప్షన్‌లోని ఐవీ పడిపోదు అన్నది రెండోది. మొదటిదాన్ని అందరూ గమనిస్తారు. దెబ్బ తగిలేది ఎక్కువసార్లు రెండోదాని వల్ల.

మా పిన్ని కొడుకు ఒకసారి రాత్రిపూట ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నిఫ్టీ నేను అనుకున్న గీతల లోపలే ఉంది. అమ్మింది కరిగిపోయింది కూడా. మరి డబ్బు ఎందుకు పోతోంది?" అన్నాడు. ఒక పెద్ద ప్రకటన రాబోతుందని మార్కెట్ భయపడుతున్న రోజుల్లో అతను ఆ స్ప్రెడ్ కొన్నాడు. ప్రకటన వచ్చేసింది, పెద్దగా ఏమీ జరగలేదు, భయం దిగిపోయింది. భయంతో పాటు అతను కొన్న ఆప్షన్ ధర కూడా దిగిపోయింది.

మన ఉదాహరణనే అలాంటి వాతావరణంలో పెట్టి చూద్దాం. నిఫ్టీ 25,000, గడువులు అవే, కానీ ఐవీ 12 కాదు, 16. దగ్గరి కాల్ 221, దూరపుది 442. మనం కట్టింది 221. వారం గడిచింది, భయం తగ్గి ఐవీ 11కు వచ్చింది, నిఫ్టీ 25,250 దగ్గర ముగిసింది. కొన్న కాల్ ఇప్పుడు 408, అమ్మినదానికి చెల్లించాల్సింది 250, మిగిలేది 158. నష్టం 63 పాయింట్లు. ఇందాక ఐవీ కదలనప్పుడు ఇదే 25,250 దగ్గర 14 పాయింట్ల లాభం వచ్చిందని గుర్తు చేసుకోండి. నిఫ్టీ ముగిసిన చోటు అదే, గడిచిన రోజులు అన్నే, ఫలితం మాత్రం తారుమారు.

కారణం చిన్నది. ఐవీ ఒక శాతం మారితే 7 రోజుల ఆప్షన్ ధర 14 పాయింట్లు మారుతుంది, 28 రోజులది 28 పాయింట్లు మారుతుంది. మనం తక్కువ కదిలేదాన్ని అమ్మి, ఎక్కువ కదిలేదాన్ని కొన్నాం. కాబట్టి క్యాలెండర్ కొన్నవాడికి ఐవీ పెరిగితే మంచిది, పడితే చెడు. రోజులు గడిచేకొద్దీ దగ్గరి ఆప్షన్‌కు ఆ స్పందన కూడా పోయి, చివరికి మన చేతిలో మిగిలేది దూరపు ఆప్షన్ ఐవీ మీద నిఖార్సైన పందెం. అందుకే ఇండియా విక్స్ బాగా ఎత్తులో ఉన్నప్పుడు, దగ్గరి ప్రీమియం లావుగా కనిపిస్తోందని క్యాలెండర్ కొనడం నాకు ఎప్పుడూ సబబుగా అనిపించదు. విక్స్ అడుగున పడి ఉన్నప్పుడు ప్రీమియాలు సన్నగా ఉంటాయి, ఆకర్షణ ఉండదు. కానీ దూరపు ఆప్షన్ అక్కడి నుంచి ఇంకా చాలా పడిపోయే అవకాశం తక్కువ.

2024 లోక్‌సభ ఎన్నికల నెల దీనికి మంచి పాఠం. ఫలితాలు జూన్ 4న. అప్పట్లో నిఫ్టీ వారపు గడువు గురువారం. ఏప్రిల్ చివర్లో 10 నుంచి 12 మధ్య ఆడిన విక్స్, మే ఆఖరుకు 20 దాటిపోయింది. మే 30 గడువు ఆప్షన్‌ను అమ్మి, జూన్ 27 గడువుది కొన్నవాడి స్థితి చూడండి. అమ్మినది ఫలితాలకు ముందే ముగిసిపోతుంది, కొన్నదాని కడుపులో ఫలితాల రోజు ఉంది. ఫలితం దగ్గరపడేకొద్దీ దూరపు ఐవీ నిలబడుతుంది, పెరుగుతుంది కూడా. ఈ లెక్క వరకు అది తెలివైన ఏర్పాటు. కానీ మే 23న దాదాపు 22,968 దగ్గర ముగిసిన నిఫ్టీ మే 30కి 22,489కి దిగింది. వారంలో 2 శాతానికి పైగా. 23వ తేదీన మధ్య స్ట్రైక్‌లో కూర్చున్నవాడికి ఐవీ సాయం చేసింది, నిఫ్టీ దూరం జరిగింది.

మరుసటి వారం ఇంకా విచిత్రంగా నడిచింది. మే 31న నిఫ్టీ 22,531. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న 23,264కు ఎగిరింది. ఫలితాల రోజున దాదాపు 6 శాతం పడి 21,885 దగ్గర ముగిసింది. జూన్ 6 గురువారం, గడువు తీరే వేళకు 22,821. మే 31న 22,500 స్ట్రైక్‌లో జూన్ 6ది అమ్మి జూన్ 27ది కొన్నవాణ్ని ఊహించండి. పైకి 700, కిందికి 1,400 పాయింట్ల ప్రయాణం చూసి, చివరికి స్ట్రైక్‌కు 321 పాయింట్ల దూరంలో దిగాడు. గడువు దాకా గుండె నిబ్బరంతో కూర్చుంటే దూరం అంత భయంకరమేమీ కాదు. కానీ ఆ వారంలో విక్స్ 24 పైనుంచి 17 దగ్గరికి కూలింది. అతను కొన్న ఆప్షన్‌లోంచి ఎన్నికల భయమంతా ఆవిరైపోయింది. నిజమే, ఆ వారపు ఆప్షన్‌లో ఫలితాల రోజు కూడా ఉంది కాబట్టి దగ్గరి ఐవీ దూరపుదానికంటే ఎక్కువే పలికింది, అమ్మినందుకు ఎక్కువే దక్కింది. అది చూసే చాలామంది ఇది వరం అనుకుంటారు. ఒక పెద్ద రోజు ఏడు రోజుల గడువులో ఇరుక్కుంటే దాని బరువు ఎక్కువగా కనిపిస్తుంది, 28 రోజుల్లో పరుచుకుంటే పలచగా కనిపిస్తుంది. బరువు అదే. మార్కెట్ పొరపాటున ఎక్కువ ధర కట్టిందనుకోవడానికి లేదు.

కాబట్టి స్ప్రెడ్ కొనేముందు చూడాల్సింది రెండు ప్రీమియాలు కాదు, రెండు ఐవీలు. ఆప్షన్ చెయిన్‌లో ప్రతి స్ట్రైక్ పక్కనా అది కనిపిస్తుంది. రెండు గడువుల మధ్య తేడా ఉంటే ఆ తేడాకు కారణమైన తేదీ ఏదో క్యాలెండర్‌లో వెతకాలి. బడ్జెట్టా, రిజర్వ్ బ్యాంక్ నిర్ణయమా, ఎన్నికల ఫలితమా. ఆ తేదీ మన రెండు గడువుల్లో దేని లోపల పడుతుందో తెలిశాకే ముందుకు కదలాలి.

ఇప్పుడు ఆ 63 దగ్గరికి వద్దాం.

మన మొదటి ఉదాహరణలో గరిష్ఠ లాభం 121 పాయింట్లు. ఒక రోజు ముందు, అంటే సోమవారం సాయంత్రం, నిఫ్టీ సరిగ్గా 25,000 దగ్గరే ఉండగా బయటికి వచ్చేస్తే ఎంత? దగ్గరిది ఇంకా 63 పలుకుతుంది, దూరపుది 294. తేడా 231, లాభం 65. ఆరు రోజులు ఓపిక పట్టి సంపాదించింది 65, చివరి ఒక్క రోజులో రావాల్సింది 56. దాదాపు సగం లాభం చివరి రోజు మీదే ఉంది.

ఆ చివరి రోజునే నిబంధన మారింది. సెబీ 2024 అక్టోబర్ 1న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, 2025 ఫిబ్రవరి నుంచి గడువు తీరే రోజున క్యాలెండర్ స్ప్రెడ్‌కు ఇచ్చే మార్జిన్ రాయితీ లేదు. మామూలు రోజుల్లో, అమ్మిన ఆప్షన్‌కు కొన్న దూరపు ఆప్షన్ అండగా ఉందని చెప్పి తక్కువ మార్జిన్ పట్టుకుంటారు. గడువు రోజున ఆ అండను లెక్కలోకి తీసుకోరు. అమ్మినదాన్ని ఒంటరిగా అమ్మినట్టే చూసి పూర్తి మార్జిన్ అడుగుతారు. దానికి తోడు ఆ రోజు అమ్మకపు పొజిషన్ల మీద 2 శాతం అదనపు మార్జిన్ కూడా అదే సర్క్యులర్‌లో వచ్చింది. 25,000 దగ్గర ఒక లాట్ విలువ 16 లక్షల పైమాట కాబట్టి, 2 శాతమే 32,500 రూపాయలు. పదివేలతో కొన్న స్ప్రెడ్‌కు మంగళవారం పొద్దున లక్షకు పైగా మార్జిన్ చూపించాల్సి వస్తుంది.

ఇందాక చెప్పిన తమ్ముడికి ఇది కూడా అనుభవమే. గడువు రోజు మార్కెట్ తెరవగానే మార్జిన్ చాలలేదని అతని బ్రోకర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఆఫీసు మీటింగ్‌లో ఉండి చూసుకోలేదు. మధ్యాహ్నానికి పొజిషన్ మూసేశారు. ఆ రోజు నిఫ్టీ అతని స్ట్రైక్ దగ్గరే ముగిసింది.

సెబీ ఎందుకు ఇలా చేసిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. గడువు రోజున దగ్గరి ఆప్షన్ కదిలే తీరుకూ, దూరపుది కదిలే తీరుకూ పొంతన ఉండదు. గంటలో నిఫ్టీ 150 పాయింట్లు కదిలితే, గడువు తీరబోయే ఆప్షన్ దాదాపు పాయింట్‌కు పాయింట్ ఎగరవచ్చు, 21 రోజుల ఆప్షన్ అందులో సగం చుట్టూనే కదులుతుంది. ఒకటి ఇంకోదానికి అండ అనే మాట ఆ రోజు నిలవదు. చివరి ధర కూడా ఆఖరి నిమిషపు ధర కాదు. చివరి అరగంటలో నిఫ్టీ సగటు మీద లెక్క తేలుతుంది. ఆ అరగంటలో స్క్రీన్ మీద కనిపించే అంకె ఒకటి, తేలే అంకె మరొకటి కావచ్చు.

అందుకే చిన్న ఖాతాలవాళ్లు చాలామంది ఇప్పుడు సోమవారమే బయటికి వస్తున్నారు. అప్పుడు ఈ వ్యూహం నిజమైన లెక్క 121 కాదు, 65. అందులోంచి ఖర్చులు తీయాలి. కొనేటప్పుడు రెండు ఆర్డర్లు, బయటికొచ్చేటప్పుడు రెండు. నాలుగింటికీ బ్రోకరేజీ, జీఎస్‌టీ, అమ్మిన ప్రతిసారీ ఎస్‌టీటీ. వీటన్నిటికంటే పెద్దది కనిపించని ఖర్చు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే సందు. వచ్చే వారం ఆప్షన్‌లో ఆ సందు సన్నగా ఉంటుంది. మధ్యలో ఉండే దూరపు వారాల ఎక్స్‌పైరీల్లో వ్యాపారం పలచన, సందు వెడల్పు. నాలుగు ఆర్డర్లలోనూ తలా రెండు పాయింట్లు వదులుకున్నా, 65లో 8 పోయినట్టే. దూరపు కాలును నెలవారీ ఎక్స్‌పైరీలోనే పెట్టుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఆర్డర్ల వరస కూడా ముఖ్యం. లోపలికి వెళ్లేటప్పుడు ముందు దూరపుది కొనాలి, తరవాత దగ్గరిది అమ్మాలి. బయటికి వచ్చేటప్పుడు ముందు అమ్మినదాన్ని తిరిగి కొనాలి, తరవాత కొన్నదాన్ని అమ్మాలి. వరస తప్పితే, రెండు ఆర్డర్ల మధ్య ఆ కాసేపూ మనం ఒట్టి అమ్మకందారులం.

నష్టం ఎప్పుడూ కట్టిన డబ్బుకే పరిమితం అని ఈ వ్యూహం గురించి ఒక మాట ప్రచారంలో ఉంది. ఇందులో ఒక ఉచ్చు ఉంది. నిఫ్టీ వారంలో 26,000కు దూసుకెళ్లిందనుకోండి. అమ్మిన కాల్‌కు 1,000 పాయింట్లు కట్టాలి. కొన్న కాల్ 1,029 పలుకుతుంది. రెండూ ఒకేసారి మూసేస్తే 29 మిగులుతాయి, నష్టం 137. కట్టిన 166 కంటే తక్కువే, మాట నిజమే. కానీ మనిషి అక్కడ ఆగడు. నిఫ్టీ ఊపు మీద ఉంది, దూరపు కాల్‌ను ఉంచుకుంటే ఇంకా లాభం అనుకుని, దగ్గరిదానికి 65,000 రూపాయలు కట్టేసి దాన్ని మాత్రం పట్టుకుని కూర్చుంటాడు. మూడు వారాల్లో నిఫ్టీ మళ్లీ 25,000కు దిగితే ఆ కాల్ సున్నా. అప్పుడు నష్టం 166 కాదు, 1,166 పాయింట్లు. రెండు కాళ్లూ కలిసి మూసినంత వరకే పరిమితి వర్తిస్తుంది. ఒక కాలు మూశాక మిగిలింది స్ప్రెడ్ కాదు, ఒంటరిగా కొన్న ఆప్షన్.

లెక్కలో పక్కన పెట్టిన వడ్డీ గురించి ఒక మాట. నిజంగా స్క్రీన్ మీద చూస్తే నెలాఖరు కాల్ మన 332 కంటే కొంచెం ఎక్కువ, పుట్ కొంచెం తక్కువ కనిపిస్తాయి. ఎందుకంటే నెలాఖరు ఆప్షన్ ఇవాళ్టి నిఫ్టీని కాదు, నెలాఖరు ఫ్యూచర్ ధరను ఆధారం చేసుకుంటుంది. అది మామూలుగా ఇవాళ్టి నిఫ్టీ కంటే పైన ఉంటుంది. రెండు గడువులకు ఆధారం రెండు వేర్వేరు ధరలు. ఆ రెండింటి మధ్య దూరం మారినా మన స్ప్రెడ్ కదులుతుంది.

కంపెనీ షేర్ల ఆప్షన్లలో ఇదే పని చేయాలనుకునేవాళ్లకు అడ్డంకి ఇంకా పెద్దది. అక్కడ వారపు గడువులు లేవు, నెలకూ నెలకూ మధ్యే చేయాలి. పైగా 2019 నుంచి వాటి లావాదేవీ డబ్బుతో తేలదు, షేర్లతో తేలుతుంది. అమ్మిన కాల్ గడువు రోజున లాభంలో ఉంటే లాట్‌కు సరిపడా షేర్లు అప్పగించాల్సి వస్తుంది. మన చేతిలో ఉన్న దూరపు కాల్ ఆ షేర్లను తెచ్చిపెట్టదు, దాని గడువు ఇంకా తీరలేదు కాబట్టి. ఆ షేర్లు సొంతంగా లేనివాడు గడువు రోజు దాకా అందులో ఉండకూడదు.

2025 జులైలో సెబీ బయటపెట్టిన అధ్యయనంలో, ఈక్విటీ ఆప్షన్లు, ఫ్యూచర్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 91 శాతం మంది 2024-25లో నికరంగా నష్టపోయారని తేలింది. ఆ లెక్కలో క్యాలెండర్ వేసినవాళ్లను విడిగా చూపలేదు. అయినా ఈ వ్యాపారానికి వచ్చే ప్రతి మనిషీ ఆ గదిలోకే అడుగు పెడుతున్నాడు.

మా తమ్ముడు ఇప్పటికీ ఈ స్ప్రెడ్‌లు వేస్తాడు, ఏడాదికి ఐదారు మించకుండా. విక్స్ దిగువన ఉన్నప్పుడు, రెండు గడువుల లోపలా పెద్ద తేదీ ఏదీ లేని వారాల్లో మాత్రమే. కొనేముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకుంటాడు. రెండు ఐవీలు, లాభం మొదలయ్యే రెండు గీతల మధ్య దూరం, సోమవారం బయటికొస్తే మిగిలేది. మూడో అంకె ఖర్చులకు మూడింతలు లేకపోతే ఆ వారం ఊరుకుంటాడు. సోమవారం మధ్యాహ్నం మూడింటికల్లా ఫోన్‌లో అలారం మోగుతుంది. అమ్మినదాన్ని ముందు కొంటాడు, కొన్నదాన్ని తరవాత అమ్ముతాడు.